తొట్టి బొమ్మ కింద గీతలు

చొక్కా మెడ దగ్గరో, కుర్తీ పక్క కుట్టు లోపలో ఒక చిన్న తెల్ల పట్టీ కుట్టి ఉంటుంది. దాని మీద ఒక వరసలో ఐదు బొమ్మలుంటాయి. నీళ్ల తొట్టి ఉతుకు గురించి, త్రిభుజం బ్లీచింగ్ గురించి, చతురస్రం ఆరేయడం గురించి, ఇస్త్రీపెట్టె ఇస్త్రీ గురించి చెబుతాయి. వృత్తం డ్రై క్లీనింగ్ చేసేవాళ్ల కోసం. 1963లో పారిస్‌లో ఏర్పడిన జినెటెక్స్ అనే సంస్థ ఈ బొమ్మలను వ్యాప్తిలోకి తెచ్చింది. ఏ భాషవాళ్లయినా చదువుకోగలగాలన్నది వీటి ఉద్దేశం. దేని మీదైనా అడ్డంగా ఇంటూ గుర్తుంటే ఆ పని చేయకూడదని అర్థం. వాషింగ్ మెషిన్ ముందు నిలబడి ఏ బటన్ నొక్కాలో తేల్చుకోవడానికి మాత్రం ముఖ్యంగా తొట్టి బొమ్మ చాలు. దాన్ని పూర్తిగా చదవాలి.

తొట్టి బొమ్మ రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. లోపల రాసిన అంకె నీళ్ల వేడి. కింద గీసిన అడ్డగీతలు బట్టను ఎంత సున్నితంగా తిప్పాలో చెబుతాయి. చాలామంది అంకె ఒక్కటే చూసి ఆగిపోతారు. బట్టలు పాడవడానికి వేడి ఎంత కారణమో రాపిడీ అంతే కారణం.

ముందు అంకె సంగతి. తొట్టిలో 40 అని ఉంటే నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అర్థం. అంత వేడి ఉండి తీరాలని కాదు. 30 డిగ్రీల నీళ్లలో వేసినా, మామూలు చన్నీళ్లలో వేసినా తప్పులేదు. పైన మెషిన్ డయల్ మీద ఎన్ని అంకెలున్నా ఈ హద్దు లోపల ఏదైనా ఎంచుకోవచ్చు. ఇక్కడ మన ఊళ్లలో ఒక చిక్కుంది. నీళ్లు వేడిచేసే హీటర్ లేని టాప్ లోడ్ మెషిన్లు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిలో చన్నీళ్లంటే మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే. మే నెల మధ్యాహ్నం ఎండలో నానిన నల్లట్యాంకు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. 30 హద్దున్న బట్టకు ఆ నీళ్లు ఎక్కువ వేడే. ఎండాకాలంలో అలాంటి బట్టలను తెల్లవారుజామున ఉతకడం మేలు.

ఇక గీతలు. తొట్టి కింద గీతే లేకపోతే బట్ట మామూలు ఉతుకును తట్టుకుంటుంది, కాటన్ సైకిల్ వేయొచ్చు. ఒక గీత ఉంటే తిప్పుడు తగ్గాలి. మెషిన్ మీద సింథటిక్ అనో, ఈజీ కేర్ అనో ఉండేది అదే. రెండు గీతలుంటే చాలా సున్నితంగా తిప్పాలి. డెలికేట్, ఊల్ లాంటి పేర్లున్న సైకిల్ దానికి. గీతలు పెరిగేకొద్దీ డ్రమ్ములో వేసే బట్టలు కూడా తగ్గాలి. కాటన్‌కు డ్రమ్ము నింపొచ్చు, సింథటిక్‌కు సగం, డెలికేట్‌కు అంతకన్నా తక్కువ. డ్రమ్ము కిక్కిరిస్తే బట్టలు నీళ్లలో తేలకుండా ఒకదాన్నొకటి రాసుకుంటాయి, సున్నితమైన సైకిల్ వేసి కూడా ఫలితం ఉండదు. ఒక్కో సైకిల్‌కు ఎన్ని కిలోలో మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. క్విక్ వాష్‌ను సున్నితమైన సైకిల్ అనుకోకూడదు. అది తక్కువసేపు తిప్పుతుంది, కానీ చాలా మెషిన్లలో గట్టిగానే తిప్పి, గట్టిగానే పిండుతుంది.

ఈ గీతలు బట్ట స్వభావాన్ని బట్టి వస్తాయి. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, అందుకే తువ్వాళ్లకూ దుప్పట్లకూ తరచూ గీతలుండవు. రేయాన్ దానికి పూర్తిగా వ్యతిరేకం. పట్టీ మీద దాన్ని విస్కోస్ అని కూడా రాస్తారు. తడిసిందంటే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా కనబడే కుర్తీ, నీళ్లలో గట్టిగా తిప్పితే సాగిపోయి, కుట్ల దగ్గర విచ్చుకుంటుంది. పాలిస్టర్‌కు బలం సమస్య కాదు. వేడినీళ్లలో మెత్తబడ్డాక గట్టిగా పిండితే పడే మడతలు ఇస్త్రీకి కూడా ఒక పట్టాన లొంగవు. ఒక గీత అందుకు. ఉన్ని దారానికి సన్నని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట దగ్గరకు ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. పైగా పట్టీ మీద ఉండేది ఆ బట్టలో అన్నిటికన్నా బలహీనమైన భాగానికి తగిన హద్దు. కాటన్ కుర్తీకి జరీ అంచో, లోపల లైనింగో ఉంటే గీతలు వాటి కోసమే పడి ఉండొచ్చు.

తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తో ఉతకాలని అర్థం. దీన్ని మనవాళ్లు తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఎక్కువ. చేత్తో ఉతకడమంటే మనకు బండ, బ్రష్షు, ఆఖరున మెలితిప్పి పిండటం. అది మెషిన్ కన్నా మోటు ఉతుకు. బొమ్మ అడిగేది వేరు. 40 డిగ్రీలు దాటని నీళ్లలో సబ్బు కలిపి, బట్టను ముంచి మెల్లగా వత్తి తీయాలి, మంచినీళ్లలో జాడించాలి, మెలితిప్పకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు వత్తేయాలి. తొట్టి మీద ఇంటూ ఉంటే ఆ బట్ట ఇంట్లో నీళ్లలో వేయకూడదు. అప్పుడు వృత్తం చూపించి లాండ్రీవాళ్లకు ఇవ్వాలి.

ఒక ఆదివారం బుట్ట తీసుకుందాం. నూలు చొక్కాల మీద 40, గీతల్లేవు. పిల్లల పాలిస్టర్ యూనిఫాం మీద 40, ఒక గీత. రేయాన్ కుర్తీ మీద 30, రెండు గీతలు. తువ్వాళ్ల మీద 60, గీతల్లేవు. అన్నీ ఒకేసారి వేయాలనుకుంటే అన్నిటికన్నా తక్కువ అంకె, అన్నిటికన్నా ఎక్కువ గీతలు పాటించాలి. అంటే 30 డిగ్రీల డెలికేట్. బట్టలు పాడవవు గానీ తువ్వాళ్లు శుభ్రం కావు, నీళ్లు పీల్చి బరువెక్కి కుర్తీని నలిపేస్తాయి. అందుకని మూడు విడతలు చేయాలి. చొక్కాలు, యూనిఫాం కలిపి 40లో సింథటిక్ సైకిల్, డ్రమ్ము సగం. కుర్తీని వల సంచీలో పెట్టి డెలికేట్, పిండే వేగం 600 దాటకుండా. తువ్వాళ్లను విడిగా కాటన్ సైకిల్‌లో వేయాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, దుమ్ము పురుగుల వల్ల తుమ్ములు వస్తున్నా 60 పెట్టాలి. ఆ పురుగులు 30, 40 డిగ్రీలకు చావవు. లేనప్పుడు 40 సరిపోతుంది.

రంగు పోతుందా లేదా అన్నది ఏ బొమ్మా చెప్పదు. ముదురు రంగు బట్టను మొదటి కొన్నిసార్లు విడిగానే ఉతకాలి. తడి తెల్లగుడ్డను లోపలి అంచు మీద గట్టిగా రుద్ది చూస్తే రంగు అంటుతుందో లేదో తెలిసిపోతుంది. పోచంపల్లి, మంగళగిరి మగ్గాల చీరలకు చాలావాటికి పట్టీ ఉండదు, వాటిని చన్నీళ్లలో చేత్తో విడిగా ఉతకడమే క్షేమం.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన బట్టల మీద అంకె బదులు తొట్టిలో చుక్కలు కనబడవచ్చు. ఒక చుక్క అంటే 30, రెండంటే 40, మూడంటే 50, నాలుగంటే 60 డిగ్రీలు. కింది గీతలకు అర్థం మాత్రం అక్కడా ఇదే. ఇస్త్రీపెట్టె బొమ్మలోనూ చుక్కలుంటాయి గానీ వాటికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఒక చుక్క అంటే తక్కువ వేడి, మూడంటే నూలుకు పెట్టేంత ఎక్కువ వేడి.