‘చూద్దాంలెండి’ అన్నాక...

విజయవాడలో ఒక డాబా ఇల్లు అనుకుందాం. నెలకు 350 యూనిట్ల కరెంటు కాలుతుంది. ఎండాకాలం బిల్లు చూసి ఇంటాయన సోలార్ పెట్టిద్దామని రెండు కంపెనీలకు ఫోన్ చేశాడు. మొదటి కంపెనీ కుర్రాడు పది నిమిషాల్లో వాట్సాప్‌లో కొటేషన్ పంపాడు. మూడు కిలోవాట్లకు లక్షా ఎనభై వేలు, సబ్సిడీ 78 వేలు పోను లక్షా రెండు వేలు, ఈ వారంలోనే బుక్ చేస్తే ఇంకో ఐదు వేలు తగ్గింపు. ఇంటాయన ‘చూద్దాంలెండి’ అన్నాడు. కుర్రాడు పదిహేను రోజులు ఫోన్లు చేసి ఊరుకున్నాడు.

రెండో కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి రేటు చెప్పలేదు. ముందు ఏడాది బిల్లులు చూపించమంది. తర్వాత డాబా ఎక్కింది.

అమ్మకాల రంగంలో మొదటి పద్ధతిని ట్రాన్సాక్షనల్ సెల్లింగ్ అంటారు, రెండోదాన్ని కన్సల్టేటివ్ సెల్లింగ్ అంటారు. రేటు చెప్పి అమ్మడం, అడిగి తెలుసుకుని అమ్మడం అనుకోవచ్చు. ఏది ఎక్కడ పనిచేస్తుందో పట్టి చూసినవారిలో నీల్ రాకమ్ ముఖ్యుడు. ఆయన బృందం పన్నెండేళ్లలో 35,000 అమ్మకపు సంభాషణలను గమనించింది. అందులో తేలిన విషయాలతో 1988లో ‘స్పిన్ సెల్లింగ్’ అనే పుస్తకం వచ్చింది. కెమెరా దుకాణాల సిబ్బందికి ‘ఇప్పుడే కొనిపించే’ కిటుకులు నేర్పించి చూస్తే చవక సరుకు కొంచెం ఎక్కువ అమ్ముడైంది, ఖరీదైన సరుకు అమ్మకం మాత్రం పడిపోయింది. చిన్న వస్తువు విషయంలో ఒత్తిడి చేస్తే కొనేవాడు ‘పోనీలే’ అని తీసుకుంటాడు. పెద్ద వస్తువు విషయంలో అదే ఒత్తిడి అనుమానమవుతుంది.

విజయవాడ ఇంటికి మళ్లీ వెళ్దాం. ఆ అమ్మాయి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న: ‘‘కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయని అనుకుంటున్నారా అండీ?’’ ఇల్లాలు వెంటనే, ‘‘అందుకే కదమ్మా పెట్టించుకునేది!’’ అంది. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేస్తుంది. బ్యాటరీతో కావాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఈ సంగతి మొదటి కొటేషన్‌లో లేదు. డబ్బు కట్టి ప్యానెళ్లు బిగించాక తెలిస్తే ఇంట్లో గొడవ, వీధిలో ఆ కంపెనీకి చెడ్డపేరు.

డాబా మీద ఇంకోటి కనపడింది. పడమటి పక్కింటి కొబ్బరిచెట్టు నీడ మధ్యాహ్నం మూడు దాటాక మేడ చివర పడుతోంది. ప్యానెళ్లను వరసగా కలిపినప్పుడు ఒకదానిమీద నీడ పడినా ఆ వరస మొత్తానికి ఉత్పత్తి తగ్గొచ్చు. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చొప్పున మూడు కిలోవాట్లకు మూడు వందల అడుగులు కావాలి. తూర్పు వైపు ఆ మేరకు చోటుంది, కానీ నీళ్ల ట్యాంకును కాస్త జరపాలి.

అసలు చిక్కు చివర్లో బయటపడింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు రెండేళ్లలో పైన ఇంకో అంతస్తు వేద్దామంటున్నాడు. ఇంటాయన ‘చూద్దాంలెండి’ వెనక ఉన్నది డబ్బు సమస్య కాదు, ఈ అంతస్తు. ఐదు వేల తగ్గింపు దాన్ని ఎలా తీర్చగలదు? విప్పి పై అంతస్తు మీద మళ్లీ బిగించడానికి ఎంత తీసుకుంటారో ఇప్పుడే కొటేషన్‌లో రాసిస్తానని ఆ అమ్మాయి చెప్పింది. వచ్చే ఆదివారం కొడుకు ఇంటికొస్తున్నాడని తెలిసి, ఆ రోజే కొలతలకు వస్తానంది.

రాకమ్ చెప్పిన తేడా ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కొనేవాడు ‘చాలా బాగుందండీ, మళ్లీ మాట్లాడదాం’ అంటే అమ్మకం ముందుకు కదిలినట్టు కాదు. కొనేవాడు తన వంతుగా ఒక పని చేస్తానని ఒప్పుకుంటేనే కదిలినట్టు. బిల్లులు తీసివ్వడం, కొడుకుతో మాట్లాడించడం, పోర్టల్‌లో సర్వీసు నంబరుతో దరఖాస్తు పెట్టడం అలాంటివి. నెలలు పట్టే అమ్మకంలో పని నడుస్తోందో నిలిచిందో చెప్పే గుర్తు ఇదే. నాలుగుసార్లు వెళ్లినా కొనేవాడి వైపు నుంచి ఒక్క పనీ జరగకపోతే, అడగాల్సిన ప్రశ్న ఏదో మిగిలిపోయిందన్నమాట.

అయితే అడిగి అమ్మడానికి ఖర్చవుతుంది. మూడుసార్లు మనిషి వెళ్లాలి, డాబా కొలవాలి, లెక్కలు వేయాలి. ఆ లెక్కల కాగితం పట్టుకుని కొనేవాడు చవకగా ఇచ్చే ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఇది తరచూ జరిగేదే, తప్పంతా కొనేవాడిదే అనడానికీ లేదు. అనుమానాలన్నీ తీరాక అతను మారిపోతాడు. ‘మా ఇంటికి పనికొస్తుందా’ అన్నవాడే ‘ఏ కంపెనీ ప్యానెల్, ఎన్ని రోజుల్లో బిగిస్తారు, చివరి రేటెంత’ అంటాడు. అప్పుడు ఇంకా ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే విసుగొస్తుంది. ఒక్క పేజీ కొటేషన్, ఖాయమైన తేదీ, రేటు ఇస్తే చాలు. నిర్ణయానికి ఆరు నెలలు పట్టే సరుకులో కూడా చివరి పది రోజులు రేటు చెప్పి అమ్మే రోజులే. ఆ మలుపును గమనించలేకే మంచి సలహాదారులు చాలామంది బేరం పోగొట్టుకుంటారు.

ఆలస్యమైన ప్రతిచోటా సలహా కావాలనీ కాదు. ప్రభుత్వ ఆఫీసు టెండరుకు నెలలు పడతాయి. కానీ టెండరు వెలువడే నాటికే ఎన్ని కిలోవాట్లు, ఏ ప్రమాణాలు అన్నది రాసేసి ఉంటుంది. అక్కడ ఆలస్యం ఫైలుది, అనుమానానిది కాదు. అందులో రేటే మాట్లాడుతుంది. ఒక మిల్లు మీద సోలార్ పెట్టించి రెండేళ్లు వాడిన యజమాని రెండో మిల్లుకు అడిగినా అంతే, అతనికి పాఠం అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సంఘం అలా కాదు. ఉమ్మడి టెర్రస్ ఎవరిది, లిఫ్టు కరెంటు ఆదా ఎవరికి చెందుతుందన్న ప్రశ్నలు తేలేదాకా రేటు చెప్పినా వినేవారుండరు.

విజయవాడ ఇంట్లో మూడు నెలలకు నెట్ మీటర్ బిగించారు. కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 360 దాకా వస్తాయి. వానాకాలం తగ్గుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 225 దాటాక 8.75. ఆ లెక్కన 350 యూనిట్లకు ఎనర్జీ చార్జీ సుమారు 2,100 అవుతుంది. అది దాదాపు మొత్తం మిగిలితే పెట్టిన లక్షా రెండు వేలు నాలుగేళ్లు దాటగానే తిరిగొస్తాయి.

అది చూసి పక్కింటాయన ఫోన్ చేశాడు. ‘‘వాళ్లకు పెట్టిందే మాకూ పెట్టమ్మా, ఎంతకిస్తావు?’’ వెంటనే రేటు చెప్పేయాల్సిన ఫోనులా ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఒక్కటే అడిగింది, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతాయని. 120 అన్నాడు. అంటే ఎనర్జీ చార్జీ నాలుగు వందల లోపే. మూడు కిలోవాట్లు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు. ఒక కిలోవాట్ చాలు, అదీ డెబ్బై వేలకు వచ్చి 30 వేల సబ్సిడీ పోను ఎనిమిదేళ్లకు పైనే పడుతుందని లెక్క చెప్పింది. వచ్చే ఏడాది రెండు ఏసీలు పెట్టిస్తున్నామని ఆయన అప్పుడు చెప్పాడు.