ముందు అవధి ఉందో లేదో చూడాలి

ఇంటర్మీడియట్ గణితంలో అవధుల పాఠం తెరిస్తే మొదట్లోనే మూడు సూత్రాలు కనిపిస్తాయి. రెండు ప్రమేయాల మొత్తానికి అవధి కావాలంటే వాటి అవధులను కూడాలి, లబ్ధానికైతే గుణించాలి, భాగఫలానికైతే భాగించాలి. ఇవి ఎవరికైనా ఇట్టే గుర్తుండిపోతాయి. వాటి ముందున్న షరతును మాత్రం చాలామంది చదవకుండానే దాటేస్తారు. f కి, g కి విడివిడిగా అవధులు ఉండాలి. భాగహారమైతే, హారం అవధి సున్నా కాకూడదు. సూత్రం బలమంతా ఆ షరతులోనే ఉంది.

x సున్నాకు చేరువవుతున్నప్పుడు x·sin(1/x) అవధి ఎంత? ‘x అవధి సున్నా, సున్నాతో దేన్ని గుణించినా సున్నాయే, కాబట్టి జవాబు సున్నా’ అని రాసేవాళ్లు ఎక్కువ. జవాబు నిజంగా సున్నాయే. కానీ చూపిన కారణం చెల్లదు. x విలువ 2/π, 2/(5π), 2/(9π) అయినప్పుడు sin(1/x) విలువ 1. 2/(3π), 2/(7π), 2/(11π) దగ్గర అదే −1. సున్నాకు ఎంత దగ్గరగా వెళ్లినా ఈ రెండు రకాల బిందువులూ ఎదురవుతూనే ఉంటాయి. అందుకే sin(1/x) కి అక్కడ అవధి లేదు. లేని సంఖ్యను సున్నాతో గుణించడం కుదరదు.

ఈ పొరపాటును పట్టుకోవాలంటే అదే వాదనను x·(1/x) కి వాడి చూడండి. x అవధి సున్నా కాబట్టి జవాబు సున్నా కావాలి. కానీ x సున్నా కానంతవరకు ఈ లబ్ధం ఎప్పుడూ 1. మొదటి లెక్కను కాపాడింది సున్నా ఒక్కటే కాదు, sin విలువ −1, 1 దాటకపోవడం కూడా. దానివల్ల x·sin(1/x) విలువ −|x|, |x| ల మధ్య చిక్కుకుంటుంది. ఆ రెండూ సున్నాకు చేరతాయి కనుక మధ్యలో ఉన్నదీ చేరుతుంది. సరైన కారణం ఇది.

అసలు లబ్ధసూత్రానికి ఆ షరతు ఎందుకు? f అవధి 3, g అవధి 4 అనుకుందాం. fg విలువ 12 కు 0.1 కంటే తక్కువ తేడాలోకి రావాలి. ఆ తేడాను ఇలా విడదీయవచ్చు:

fg − 12 = f(g − 4) + 4(f − 3)

g − 4 ఎంత చిన్నదైనా దాన్ని f గుణిస్తోంది. f అదుపు లేకుండా పెరిగిపోతే ఆ చిన్నతనం వృథా. f కి అవధి 3 అని తెలుసు కాబట్టి, కొంత దగ్గరకు వెళ్లాక అది 4 దాటదని ధీమాగా చెప్పగలం. ఇక రెండు తేడాలనూ 0.0125 లోపు ఉంచితే, 4 × 0.0125 రెండుసార్లు కలిపి 0.1 లోపే ఉంటుంది. ఈ ధీమా అవధి ఉండటం వల్లే వచ్చింది. x·(1/x) లో 1/x కి అది లేదు.

మొత్తం విషయంలో కథ కాస్త వేరు. 1/x, 1 − 1/x లలో దేనికీ సున్నా దగ్గర అవధి లేదు, వాటి మొత్తం మాత్రం ఎప్పుడూ 1. అయితే ఒకదానికి అవధి ఉండి రెండోదానికి లేకపోతే, మొత్తానికి అవధి ఖాయంగా ఉండదు. ఒకవేళ ఉంటే, అందులోంచి అవధి ఉన్నదాన్ని తీసివేసి రెండోదానికీ అవధి తేగలిగేవాళ్లం. లబ్ధంలో ఇంత నిశ్చయంగా చెప్పలేం, ఎందుకంటే మొదటిదాని అవధి సున్నా అయితే దానితో భాగించి వెనక్కి రాలేం.

భాగఫలంలో హారం సున్నా నుంచి దూరంగా ఉండాలి. g అవధి 4 అయితే అది చివరికి 2 పైనే ఉంటుంది, కాబట్టి 1/g అదుపులో ఉంటుంది. g అవధి సున్నా అయితే ఆ హామీ పోతుంది. అయినా ఒక మేలైన సంగతి మిగులుతుంది. హారం సున్నాకు వెళ్తున్నా f/g కి పరిమిత అవధి ఉందంటే, లవం కూడా సున్నాకు వెళ్లి తీరాలి. f అంటే f/g ను g తో గుణించినదే కదా. ఆ రెండింటికీ అవధులున్నాయి, అందులో ఒకటి సున్నా. x విలువ 2 కు చేరుతున్నప్పుడు (x² + ax − 6)/(x − 2) కి అవధి ఉండాలంటే a ఎంత? x = 2 వద్ద లవం సున్నా కావాలి: 4 + 2a − 6 = 0, అంటే a = 1. అప్పుడు భిన్నం x + 3 అవుతుంది, అవధి 5.

అవకలజం నిర్వచనంలో హారం h ఎప్పుడూ సున్నాకే చేరుతుంది. కాబట్టి భాగఫల సూత్రాన్ని నేరుగా అక్కడ ఒక్కసారి కూడా వాడలేం. ముందు భిన్నాన్ని సరళం చేయడమో, రెండు విలువల మధ్య బంధించడమో చేయాల్సిందే.