తర్వాతి గోల్ ఎవరిది? లైవ్ ఆడ్స్ వెనకున్న లెక్క

ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా బ్రిటన్ బుక్‌మేకర్లు పెట్టే పందేల్లో ‘తర్వాతి గోల్’ ఒకటి. దానికి జవాబులు మూడే: ఆతిథ్య జట్టు కొడుతుంది, ఎదుటి జట్టు కొడుతుంది, లేదా ఇక గోలే పడదు. (తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను చట్టం ద్వారా నిషేధించాయి. ఇక్కడి పాఠకులకు ఇది లెక్కగానే పనికొస్తుంది.)

ఈ ఆడ్స్ కట్టడానికి కావలసినవి రెండు అంకెలు: మిగిలిన సమయంలో ఒక్కో జట్టు సగటున ఎన్ని గోల్స్ కొట్టవచ్చన్న అంచనాలు. మ్యాచ్ మొదలయ్యే ముందు ఆతిథ్య జట్టుకు 1.5, ఎదుటి జట్టుకు 1.0 అని వేశారనుకుందాం. ఇప్పుడు 60వ నిమిషం, స్కోరు 0-0. గడియారం ప్రకారం మిగిలింది మూడో వంతే. కానీ రెండో సగంలో గోల్స్ కాస్త ఎక్కువ పడతాయి, పైగా ఇంజురీ టైమ్ ఉంటుంది. అందుకని మ్యాచ్ మొత్తం అంచనాలో ఇంకా 36 శాతం మిగిలిందనుకుంటే ఆతిథ్య జట్టుకు 0.54, రెండో జట్టుకు 0.36, కలిపి 0.90.

ఇంటర్ లెక్కల్లో పాయిజాన్ విభాజనం చదివినవారికి తర్వాతి మెట్టు తెలిసిందే. సగటున 0.9 గోల్ రావలసిన చోట ఒక్కటీ రాకపోయే సంభావ్యత e^(-0.9), అంటే దాదాపు 40.7 శాతం. మిగతా 59.3 శాతాన్ని రెండు జట్లూ తమ గోల్ వేగాల నిష్పత్తిలో, ఇక్కడ 60:40గా, పంచుకుంటాయి. ఆతిథ్య జట్టుకు 35.6, రెండోదానికి 23.7 వస్తుంది. వందను ఈ శాతాలతో భాగిస్తే వచ్చేవే న్యాయమైన ఆడ్స్: 2.81, 4.21, ‘గోల్ లేదు’కు 2.46. బుక్‌మేకర్ తన లాభం కోసం ప్రతి సంభావ్యతనూ 5 శాతం పెంచితే అవి 2.67, 4.01, 2.34కు దిగుతాయి. పందెం కాసేవాడికి తెరమీద కనిపించేవి ఇవే.

మైదానంలో ఏమీ జరగకపోయినా ఈ అంకెలు కదులుతూనే ఉంటాయి. 75వ నిమిషానికి ఇంకా గోల్ పడలేదు, మిగిలిన అంచనా 0.50కి తగ్గిందనుకుందాం. ‘గోల్ లేదు’ అవకాశం 60.7 శాతానికి ఎక్కుతుంది, ఆతిథ్య జట్టు న్యాయమైన ఆడ్స్ 2.81 నుంచి 4.24కు పోతుంది. ఆ జట్టు బలహీనపడిందని దీని అర్థం కాదు. 60:40 నిష్పత్తి చెక్కుచెదరలేదు, కరిగిపోయింది సమయమే. ఈ రెండింటినీ కలగలిపి చూడటం తరచూ జరిగే పొరపాటు.

నిష్పత్తి కూడా మారే సందర్భాలు లేకపోలేదు. స్కోరును బట్టి, గడిచిన సమయాన్ని బట్టి జట్ల గోల్ వేగం మారుతుందని డిక్సన్, రాబిన్‌సన్ 1998లో ఇంగ్లండ్ మ్యాచ్‌ల మీద చూపించారు. రెడ్ కార్డు పడి పదిమందితో ఆడే జట్టు వేగం తగ్గుతుంది, ఎదుటివారిది పెరుగుతుంది. పెనాల్టీ ఇచ్చారంటే ఈ లెక్క ఆ నిమిషానికి పనికిరాదు. అందుకే రిఫరీ ఆ చోటు వైపు వేలు చూపగానే మార్కెట్‌ను ఆపేస్తారు.

‘రేస్’ పందెం దీనికే పొడిగింపు: ముందుగా ఇన్ని పాయింట్లు చేరేదెవరు? కార్నర్ కిక్‌లు 3-3 దగ్గర ఉన్నాయి, ముందు 5 చేరాలి, ప్రతి కార్నర్‌నూ బలమైన జట్టు గెలిచే అవకాశం 60 శాతం అనుకుందాం. వరసగా రెండూ తనవే కావడానికి 36 శాతం, మూడింటిలో రెండు తనవై చివరిది కూడా తనదే కావడానికి 28.8. మొత్తం 64.8 శాతం. రేసు ఎంత పొడవైతే బలమైన జట్టుకు అంత మేలు, సమయం సరిపోతేనే. లేకపోతే ‘ఎవరూ చేరరు’ అన్న మూడో జవాబు మళ్లీ ముందుకొస్తుంది.

గోల్ వేగాల లెక్క బాగా తప్పేది బాస్కెట్‌బాల్‌లో. 20 పాయింట్ల రేసులో స్కోరు 18-18, జట్లు సమానం. వేగాలు మాత్రమే చూస్తే చెరిసగం. కానీ అక్కడ బంతి వంతులవారీగా చేతులు మారుతుంది. ప్రతి దాడిలో బుట్ట పడే అవకాశం సగం అనుకుని, ఫ్రీ త్రోలను పక్కనపెడితే, ఇప్పుడు బంతి చేతిలో ఉన్న జట్టు గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. మొదటి దాడిలోనే సగం, ఇద్దరూ తప్పాక మళ్లీ తన వంతులో ఎనిమిదో వంతు, అలా కలుపుకుంటూ పోతే 66.7 శాతం తేలుతుంది. అదే స్కోరు 8-8 అయితే ఇద్దరికీ ఇంకా చాలా వంతులు ఉంటాయి కాబట్టి బంతి ఎవరి చేతిలో ఉందన్నది పెద్ద తేడా చేయదు, వేగాల లెక్క మళ్లీ పనికొస్తుంది.