కెప్టెన్ వీడ్కోలు లేఖలో ఏముండాలి?

2022 జూన్ 8న మిథాలీ రాజ్ ట్విట్టర్‌లో ఒక లేఖ పెట్టారు. భారత మహిళల వన్డే, టెస్టు జట్లకు అప్పటికి ఆమే కెప్టెన్. పట్టుమని ఒక పేజీ ఉన్న ఆ లేఖతో ఇరవై మూడేళ్ల అంతర్జాతీయ క్రికెట్‌కు సెలవు చెప్పారు. ఆటగాళ్ల వీడ్కోలు సందేశాలు మనం చాలానే చదువుతుంటాం. కెప్టెన్ సందేశం వాటికన్నా బరువైనది. మామూలు ఆటగాడు తప్పుకుంటే జట్టులో ఒక స్థానం ఖాళీ అవుతుంది. కెప్టెన్ తప్పుకుంటే సహచరులు ఇక ఎవరి మాట వినాలి, అభిమానులు ఎవరి మీద ఆశ పెట్టుకోవాలి అన్న ప్రశ్నలు లేస్తాయి. మిథాలీ లేఖను ఆ కోణంలో చదివితే మంచి వీడ్కోలు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఆ లేఖ వెనకున్న చివరి మ్యాచ్ సంగతి ముందు చెప్పుకోవాలి. 2022 మార్చి 27న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ప్రపంచకప్ చివరి లీగ్ మ్యాచ్. దక్షిణాఫ్రికాపై గెలిస్తేనే భారత్‌కు సెమీఫైనల్ దక్కుతుంది. మిథాలీ 68 పరుగులు చేశారు, జట్టు స్కోరు 274కు చేరింది. ఆఖరి ఓవర్లో దక్షిణాఫ్రికాకు ఏడు పరుగులు కావాలి. బంతి దీప్తి శర్మ చేతికిచ్చారు. ఐదో బంతికి మిన్యోన్ డుప్రీ కొట్టిన షాట్‌ను హర్మన్‌ప్రీత్ కౌర్ పట్టేసింది. మన వాళ్లు సంబరపడేలోగా అంపైర్ నోబాల్ అన్నాడు. చివరి బంతికి దక్షిణాఫ్రికా గెలిచింది, భారత్ ఇంటిదారి పట్టింది.

ఆ సాయంత్రమే రిటైర్‌మెంట్ ప్రకటించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఓటమి వేడి చల్లారకముందే అలాంటి మాట అంటే దానికి అర్థం మారిపోతుంది. ఓడినందుకు అలిగి వెళ్లిపోయిందని కొందరంటారు, దీప్తి నోబాల్ వల్లే కెప్టెన్ ఆట ముగిసిందని ఇంకొందరంటారు. ఇరవై నాలుగేళ్ల బౌలర్ మీద ఆ నింద జీవితాంతం ఉండిపోతుంది. మిథాలీ రెండు నెలలకు పైగా ఆగారు. లేఖ వచ్చేసరికి ఆ నోబాల్ గురించి మాట్లాడుకునే వాళ్లు తగ్గారు. అలా ఆగడం వల్ల మేలు ముందుగా సహచరులకే జరిగింది.

అలాగని ఎక్కువ కాలం ఆగినా ఇబ్బందే. మహేంద్రసింగ్ ధోనీ చివరి అంతర్జాతీయ మ్యాచ్ 2019 జులైలో న్యూజిలాండ్‌తో ఆడిన ప్రపంచకప్ సెమీఫైనల్. రిటైర్‌మెంట్ ప్రకటించింది 2020 ఆగస్టు 15న, అదీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక వీడియో కింద రెండు వాక్యాలతో. మధ్యలో ఏడాదికి పైగా ధోనీ మళ్లీ ఆడతాడా లేదా అన్న చర్చ సాగుతూనే ఉంది. ఆ స్థానానికి పోటీ పడుతున్న వికెట్ కీపర్లు ప్రతి మ్యాచ్‌లో ఆ పేరుతో పోల్చుకోవాల్సి వచ్చింది.

అదే ధోనీ 2014 డిసెంబర్ 30న మెల్‌బోర్న్‌లో ఇంకోలా చేశాడు. ఆస్ట్రేలియాతో టెస్టు డ్రా అయ్యాక విలేకరుల సమావేశానికి వచ్చి ఏమీ బయటపెట్టలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో సహచరులకు చెప్పాడు, ఆ తర్వాత బోర్డు ప్రకటన బయటికొచ్చింది. సిరీస్‌లో ఇంకో టెస్టు మిగిలి ఉండగా తప్పుకోవడం చాలామందికి వింతగా తోచింది. అయితే తనతో ఆడినవాళ్లు ఆ వార్త టీవీలో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వలేదు. కెప్టెన్ పాటించాల్సిన మొదటి మర్యాద అది.

ఇప్పుడు మిథాలీ లేఖలోకి వద్దాం. దేన్నుంచి తప్పుకుంటున్నారో అందులో స్పష్టంగా ఉంది: అన్ని ఫార్మాట్ల అంతర్జాతీయ క్రికెట్ నుంచి. క్రికెట్‌లో ఈ స్పష్టత చాలా అవసరం. కెప్టెన్సీ వదిలి ఆటగాడిగా కొనసాగవచ్చు, టెస్టులు మానేసి వన్డేలు ఆడవచ్చు, దేశానికి ఆడటం ఆపి లీగుల్లో ఆడవచ్చు. మిథాలీయే 2019 సెప్టెంబర్‌లో టీ20ల నుంచి మాత్రమే తప్పుకున్నారు. వన్డే ప్రపంచకప్ మీద దృష్టి పెడతానని అప్పుడే చెప్పారు. ఈసారి అలాంటి మినహాయింపేమీ లేదు కాబట్టి సెలక్టర్లకు సందేహం మిగల్లేదు.

ఇప్పుడే ఎందుకన్న ప్రశ్నకు కూడా లేఖలో జవాబుంది. వయసు గురించో, అలసట గురించో, గాయాల గురించో రాయలేదు. జట్టు ప్రతిభగల యువ క్రీడాకారిణుల చేతుల్లో ఉందని, అందుకే ఇది తగిన సమయమని రాశారు. ఒక ఆటగాడు తన శరీరం సహకరించడం లేదని చెప్పుకుంటే సరిపోతుంది. కెప్టెన్ మాత్రం తను లేని జట్టు మీద తనకు నమ్మకముందని చెప్పాలి. వెనక ఉండిపోయే వాళ్లకు కావలసిన మాట అదే. కెప్టెన్సీ తనను మనిషిగా తీర్చిదిద్దిందని, మహిళల క్రికెట్‌ను తీర్చిదిద్దడంలో తన వంతు కూడా ఉందని ఆశిస్తున్నానని రాశారు. బోర్డుకు, అభిమానులకు కృతజ్ఞతలు చెప్పారు. ఆటతో అనుబంధం వదులుకోనని, మహిళల క్రికెట్ ఎదుగుదలకు పనిచేస్తానని ముగించారు.

రాయకుండా వదిలేసిన వాటినీ గమనించాలి. 232 వన్డేల్లో 7,805 పరుగులు చేశారు, పదహారేళ్ల వయసులో ఆడిన తొలి వన్డేలోనే సెంచరీ కొట్టారు. జట్టును 2005లో, 2017లో ప్రపంచకప్ ఫైనల్‌కు తీసుకెళ్లారు. ఈ లెక్కలేవీ లేఖలో లేవు, వాటిని పత్రికలు ఎలాగూ రాస్తాయి. 2018 టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆమెను తుది జట్టులోకి తీసుకోకపోవడం, దాని మీద రేగిన పెద్ద వివాదం కూడా లేవు. అప్పట్లో తన బాధను ఆమె బోర్డుకు రాతపూర్వకంగా చెప్పారు. వీడ్కోలు లేఖలో మాత్రం ప్రయాణంలో ఎత్తుపల్లాలున్నాయన్న ఒక్క మాటతో సరిపెట్టారు. ఆ పాత గొడవను అందులోకి తెచ్చి ఉంటే, మర్నాడు పత్రికల్లో అదే శీర్షికయ్యేది. ఆమెతో పాటు ఆడిన వాళ్లంతా ఎవరి పక్షమో చెప్పాల్సి వచ్చేది.

ఈ పద్ధతిలో ఒక లోటు మాత్రం ఉంది. ఆట అయిపోయాక ప్రకటిస్తే జట్టు కలిసి సాగనంపే అవకాశం దొరకదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఝులన్ గోస్వామి లార్డ్స్‌లో ఆడేది తన చివరి మ్యాచని అందరికీ ముందే తెలుసు. అందుకే హర్మన్‌ప్రీత్ ఆమెను వెంటబెట్టుకుని టాస్‌కు వెళ్లింది. మిథాలీకి మైదానంలో అలాంటి వీడ్కోలు దక్కలేదు. సాగనంపడం సహచరులకు కూడా అవసరమే కాబట్టి, వీలున్న కెప్టెన్ ఆఖరి మ్యాచ్ ఏదో ముందే చెప్పడం మంచిది.

జట్టు మంచి చేతుల్లో ఉందని రాయడం తేలికే. ఆ మాట నిజమో కాదో తేలడానికి ఏళ్లు పడుతుంది. మిథాలీ లేఖ రాసిన రోజే శ్రీలంక పర్యటనకు వన్డే జట్టు కెప్టెన్‌గా హర్మన్‌ప్రీత్ పేరు ప్రకటించారు. 2025 నవంబర్ 2న నవీ ముంబయిలో అదే హర్మన్‌ప్రీత్ నాయకత్వంలో భారత్ దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ప్రపంచకప్ గెలిచింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది. నాడు నోబాల్ వేసిన దీప్తి శర్మ ఫైనల్లో ఐదు వికెట్లు తీసి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. ఆ రాత్రి మైదానంలో ఆటగాళ్లు కప్పును మిథాలీ చేతికిచ్చారు.