చార్జి కారిపోయేలోపు

ల్యాప్‌టాప్ వివరాలు చదివితే అందులో రెండు మెమరీలు కనిపిస్తాయి. ర్యామ్ 8 జీబీ, క్యాష్ మెమరీ 8 ఎంబీ అని ఉందనుకుందాం. రెండూ చేసే పని ఒకటే, సున్నాలనూ ఒకట్లనూ గుర్తుపెట్టుకోవడం. అయినా ఒకటి రెండోదానికి వెయ్యి రెట్లు పెద్దది. వేగంలో మాత్రం క్యాష్‌దే పైచేయి. మరి ఆ వేగమైనదాన్నే 8 జీబీ పెట్టొచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ఒక్క బిట్‌ను, అంటే ఒక్క 0 లేదా 1ని, సిలికాన్ మీద ఎలా పట్టి ఉంచుతారో చూడాలి.

ముందు ర్యామ్ సంగతి. ఇందులో ఒక బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉంటాయి, అంతే. కెపాసిటర్‌లో విద్యుత్ చార్జి ఉంటే 1, లేకపోతే 0. ట్రాన్సిస్టర్ ఆ చార్జిని లోపల బంధించే తలుపు. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1966లో ఈ ఊహ వచ్చింది, 1968లో పేటెంట్ దక్కింది. కణం ఆకారం ఎంతగానో మారినా, ఒక తలుపు, ఒక నిల్వ అన్న ఆ నిర్మాణం మారలేదు. దీన్నే డైనమిక్ ర్యామ్, డీర్యామ్ అంటారు.

ఆ నిల్వ ఎంత చిన్నదంటే, పది ఫెమ్టోఫారడ్ల కెపాసిటర్‌ను ఒక వోల్ట్ దాకా నింపినా అందులో పట్టేది దాదాపు 60 వేల ఎలక్ట్రాన్లే. ట్రాన్సిస్టర్‌ను ఆపేసినా ఆ తలుపు పూర్తిగా మూసుకోదు. చుట్టూ ఉన్న సిలికాన్‌లోంచీ, మూసిన తలుపు సందులోంచీ ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటాయి. చిప్ వేడెక్కితే ఇంకా త్వరగా జారిపోతాయి. అలా వదిలేస్తే కాసేపటికి 1 కూడా 0లాగే కనిపిస్తుంది.

చదివే పద్ధతి మరీ విచిత్రం. ఒక పొడవైన తీగకు వందల కణాలు వేలాడుతుంటాయి. చదవబోయే ముందు ఆ తీగను సగం వోల్టేజి దగ్గర నిలిపి, కావలసిన కణం తలుపు తెరుస్తారు. తీగ కణం కన్నా చాలా పెద్దది కాబట్టి దాని వోల్టేజి పిసరంత పెరుగుతుంది, లేదా పిసరంత తగ్గుతుంది. సగం నిండిన కాలవలో చెంబెడు నీళ్లు పోసి మట్టం పెరిగిందా అని చూడటం లాంటిదన్నమాట. ఆ పిసరంత తేడాను పట్టుకునేది తీగ చివరనున్న సెన్స్ యాంప్లిఫయర్. అది తేడా ఎటువైపు ఉందో తేల్చి, తీగను పూర్తిగా ఆ వైపుకే నెడుతుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. తలుపు తెరవగానే కణంలోని చార్జి తీగలో కలిసిపోతుంది, అంటే చదవడంతోనే రాసింది చెరిగిపోతుంది. కానీ తలుపు ఇంకా తెరిచే ఉంది కాబట్టి, యాంప్లిఫయర్ తీగను పూర్తి వోల్టేజికి నెట్టినప్పుడు అదే కణంలోకీ వెళ్లి దాన్ని మళ్లీ నింపుతుంది. రిఫ్రెష్ అంటే ఇంతే. ఒక వరుసను చదవడం, కానీ ఆ చదివింది ఎవరికీ పంపకపోవడం. చార్జి సగానికి పైన ఉండగానే చదివితే తిరిగి నిండుతుంది. ఆలస్యమైతే యాంప్లిఫయర్ 1ని 0 అనుకుని, ఆ 0నే నిక్కచ్చిగా రాసేస్తుంది. ఆ తరువాత ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా పోయిన బిట్ తిరిగి రాదు.

మామూలు డీడీఆర్4 మెమరీలో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలో ఒకసారైనా ఇలా నింపాలి. మెమరీ కంట్రోలర్ ఈ గడువును 8,192 ఆదేశాలుగా విడగొట్టి, ప్రతి 7.8 మైక్రోసెకన్లకు ఒకటి పంపుతుంది. 8 గిగాబిట్ల చిప్‌లో ఒక ఆదేశానికి పట్టేది దాదాపు 350 నానోసెకన్లు, అంతసేపూ ఆ చిప్‌ను వేరే పనికి వాడుకోలేం. లెక్క వేస్తే మెమరీ సమయంలో నాలుగున్నర శాతం ఇందుకే పోతుంది. చిప్ 85 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆదేశాలు రెట్టింపు వేగంతో రావాలి, నష్టమూ రెట్టింపవుతుంది. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టినా ఈ పని ఆగదు, మెమరీ తనను తానే రిఫ్రెష్ చేసుకుంటుంది. మూత వేసి పెట్టినా బ్యాటరీ మెల్లగా తగ్గడానికి ఇదీ ఒక కారణం.

నిజానికి చాలా కణాలు 64 మిల్లీసెకన్ల కన్నా ఎంతో ఎక్కువసేపు చార్జిని పట్టి ఉంచుతాయి. గడువు పెట్టింది వేల కోట్ల కణాల్లో అన్నిటికన్నా బలహీనమైన వాటి కోసం. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు దీన్ని కలవరపెట్టే రీతిలో రుజువు చేశారు. మెమరీ చిప్‌లను మైనస్ 50 డిగ్రీలకు చల్లబరిచి కరెంటు తీసేస్తే, పది నిమిషాల తరువాత కూడా ఒక శాతం బిట్లు కూడా చెడలేదు. కంప్యూటర్ ఆపేశాక రహస్య సంకేతాలు చెరిగిపోతాయన్న నమ్మకం ఆ దెబ్బతో సడలింది.

ఇక క్యాష్. ఇందులో వాడే స్టాటిక్ ర్యామ్‌లో నిల్వ అంటూ ఏదీ ఉండదు. రెండు ఇన్వర్టర్లను ఎదురెదురుగా కలుపుతారు. మొదటిది 1 ఇస్తే రెండోది 0 ఇస్తుంది, ఆ 0 మొదటిదాన్ని 1 దగ్గరే నిలబెడుతుంది. చార్జి కాస్త కారినా కరెంటు సరఫరా నుంచి అది అప్పటికప్పుడే భర్తీ అవుతుంది, అందుకే రిఫ్రెష్ అక్కరలేదు. స్టాటిక్ అన్నంత మాత్రాన శాశ్వతమేమీ కాదు, కరెంటు పోతే ఇదీ చెరిగిపోతుంది. చదివేటప్పుడు ఇది తీగను తన బలంతో తానే లాగుతుంది, చదివింది చెరగదు, తిరిగి రాయక్కరలేదు. పైగా ప్రాసెసర్ చిప్ మీదే, ప్రాసెసర్ ట్రాన్సిస్టర్లతోనే దీన్ని తయారు చేయవచ్చు. అందుకే ప్రాసెసర్‌కు అతి దగ్గరి క్యాష్ నుంచి సమాచారం దాదాపు ఒక నానోసెకనులో అందుతుంది. ర్యామ్ నుంచి రావాలంటే 60 నుంచి 100 నానోసెకన్ల దాకా ఆగాలి.

దీనికి చెల్లించే మూల్యం స్థలం. రెండు ఇన్వర్టర్లకు నాలుగు, తలుపులకు రెండు, మొత్తం ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. ఇప్పుడు మొదటి ప్రశ్నకే లెక్క కడదాం. 8 జీబీ అంటే దాదాపు 6,872 కోట్ల బిట్లు. ఒక్కోదానికి ఆరు చొప్పున 41 వేల కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు. ఆపిల్ ఎం2 ప్రాసెసర్ మొత్తంలో ఉన్నవే 2,000 కోట్లు. అంటే క్యాష్ వేగంతో 8 జీబీ కావాలంటే అలాంటి ఇరవై ప్రాసెసర్లకు సరిపడే ట్రాన్సిస్టర్లను మెమరీకే ధారపోయాలి. అంత పెద్దదాన్ని కట్టినా వేగం దక్కదు. తీగలు పొడుగయ్యేకొద్దీ సంకేతం చేరడం ఆలస్యమవుతుంది, ఒకే ప్రాసెసర్‌లో కూడా పెద్ద క్యాష్ చిన్నదానికన్నా నెమ్మదిగా ఉండటానికి కారణం అదే. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ పేజీ చూడండి. L1, L2, L3 అని మూడు అంచెలు కనిపిస్తాయి, ప్రాసెసర్‌కు దూరమయ్యేకొద్దీ పెద్దవవుతూ.

డీర్యామ్‌ను ప్రాసెసర్ లోపలికే తెచ్చే ప్రయత్నం జరగకపోలేదు. 2010లో ఐబీఎం పవర్7 ప్రాసెసర్‌లో 32 ఎంబీల L3 క్యాష్‌ను డీర్యామ్ కణాలతోనే కట్టింది. చోటు కలిసొచ్చింది గానీ, అలా చేయాలంటే లోతైన కెపాసిటర్లను సిలికాన్‌లో తొలిచే ప్రత్యేక తయారీ పద్ధతి కావాలి. వేగం కోసం మలిచిన ప్రాసెసర్ ట్రాన్సిస్టర్లు ఎక్కువగా లీకవుతాయి, డీర్యామ్‌కు కావలసింది లీకేజీ తక్కువగా ఉండే ట్రాన్సిస్టర్లు. ఈ రెంటినీ ఒకే చిప్ మీద కుదర్చడం ఖరీదైన పని. 2021లో వచ్చిన పవర్10లో ఐబీఎం మళ్లీ స్టాటిక్ ర్యామ్‌కే మళ్లింది.