గజం రేటు: పక్క ప్లాట్లు, ముందున్న రోడ్డు

ఊరి శివారులో ప్లాటు చూడ్డానికి వెళ్తే ముందు వినిపించేది బ్రోకర్ చెప్పే రేటు. "ఇక్కడ గజం ముప్పై అయిదు వేలు నడుస్తోంది" అంటాడు. అది అమ్మేవాళ్లు అడుగుతున్న రేటు. ఎవరైనా ఆ డబ్బు ఇచ్చి కొన్నారా అన్నది వేరే సంగతి. న్యాయమైన ధర తేలాలంటే జరిగిన అమ్మకాలతోనే లెక్క మొదలుపెట్టాలి.

ఆ అమ్మకాల జాడ ఈసీలో దొరుకుతుంది. పక్క ప్లాట్ల ఈసీ తీస్తే ఒక్కో దస్తావేజు ఎప్పుడు రిజిస్టరైంది, ప్రభుత్వ విలువ ఎంత, ఎంతకు కొన్నట్టు రాశారు అన్నవి కనిపిస్తాయి. ఈ రెండు అంకెలూ అచ్చంగా ఒకటే అయితే అనుమానించాలి. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి ప్రభుత్వ విలువే రాసి, మిగతా సొమ్ము చేతికి ఇచ్చి ఉండొచ్చు. బ్యాంకు లోనుతో కొన్న ప్లాట్ల దస్తావేజులు అసలు ధరకు కాస్త దగ్గరగా ఉంటాయి. ఈసీలో దొరికిన అమ్మకాల గురించి ఆ కాలనీలో ఈమధ్యే కొన్నవాళ్లను, ఒకరికి ఇద్దరు బ్రోకర్లను విడివిడిగా అడిగితే నిజం చాలావరకు బయటపడుతుంది.

ఇక పోల్చడం ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక లేఅవుట్‌లో 30 అడుగుల రోడ్డు మీద, పడమర ముఖంగా, 200 గజాల ప్లాటు అమ్మకానికి ఉంది. గజం 35,000 అడుగుతున్నారు. అదే లేఅవుట్‌లో గత మూడు నెలల్లో అంతే సైజువి మూడు ప్లాట్లు అమ్ముడయ్యాయి. 40 అడుగుల రోడ్డు మీద తూర్పు ముఖం ప్లాటు 34,500కి, అదే రోడ్డు మీద పడమర ముఖం ప్లాటు 33,000కి, 30 అడుగుల రోడ్డు మీద తూర్పు ముఖం ప్లాటు 31,000కి పోయాయి.

మొదటి, మూడో ప్లాట్లకు తేడా రోడ్డు వెడల్పు ఒక్కటే. అంటే ఈ లేఅవుట్‌లో ఆ పది అడుగుల విలువ గజానికి 3,500. మొదటి, రెండో ప్లాట్లకు తేడా ముఖం. దాని విలువ 1,500. మన ప్లాటులో లేని మెరుగు పక్క ప్లాటులో ఉంటే, ఆ మేరకు పక్క ప్లాటు ధరలోంచి తీసేయాలి. చాలామంది ఇక్కడే తికమకపడి కూడేస్తారు. 31,000లోంచి తూర్పు ముఖానికి 1,500 తీసేస్తే 29,500 వస్తుంది.

ఈ అంకెను వేరే దారిలోనూ సరిచూసుకోవాలి. మన ప్లాటు లాంటిదే, 30 అడుగుల రోడ్డు మీద పడమర ముఖం ప్లాటు, ఏడాది కిందట 27,000కి అమ్ముడైందనుకుందాం. అప్పట్లో 40 అడుగుల రోడ్డు మీద తూర్పు ముఖం ప్లాటు 32,000 పలికింది, ఇప్పుడు 34,500. అంటే ఏడాదిలో దాదాపు 8 శాతం పెరుగుదల. 27,000కి ఆ పెరుగుదల కలిపితే 29,100 చిల్లర. రెండు దారులూ 29,000-29,500 మధ్యే తేలాయి. మొత్తం ప్లాటుకు 58-59 లక్షలు. అడుగుతున్నది 70 లక్షలు.

ఒకచోట తేలిన ఆ 3,500ను పక్క ఊరికి మోసుకెళ్లకూడదు. అంగళ్లు పెట్టుకోగలిగే రోడ్డు మీద తేడా ఇంకా ఎక్కువ ఉంటుంది, లోపలి వీధుల్లో తక్కువ.

రోడ్డు సంగతి లేఅవుట్ కాగితంతో తేలిపోదు. టేపు పట్టుకుని కొలవాలి, అదీ ప్లాటు ముందు మాత్రమే కాదు. మెయిన్ రోడ్డు నుంచి వచ్చే దారిలో ఎక్కడ ఇరుకుగా ఉందో చూడాలి. ఇసుక లారీ మలుపు తిరగలేని సందు చివర 30 అడుగుల రోడ్డున్నా పూర్తి ధర పలకదు. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేస్తారు. అనుమతి లేనిచోట ఆ రోడ్డు కాగితాల మీద పాత భూయజమాని పేరునే ఉండిపోవచ్చు. అలాంటి ప్లాటును అనుమతి ఉన్న ప్లాటుతో పోల్చకూడదు.

పాత ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. ఇల్లు కట్టడానికి అనుమతి అడిగినప్పుడు, విస్తరణకు కావాల్సిన మేర స్థలం వదలమంటారు. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు ఉన్న 200 గజాల ప్లాటు ముందు 20 అడుగుల రోడ్డే ఉండి, దాన్ని 30 అడుగులు చేయాల్సి ఉంటే, ఒక్కోవైపు అయిదడుగులు పోతాయి. 36ను 5తో గుణిస్తే 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు. దస్తావేజులో 200 ఉన్నా చేతికి మిగిలేది 180. గజం 29,000 న్యాయమనుకుంటే లెక్క కట్టాల్సింది 180 గజాలకే, 52 లక్షల 20 వేలు. పూర్తి 58 లక్షలు ఇచ్చేస్తే మిగిలిన స్థలానికి గజం 32,000 దాటినట్టు. వదలాల్సిన మేర ఎంతో బేరానికి ముందే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు.

చుట్టుపక్కల ఏడాదిగా అమ్మకాలే లేకపోతే మాత్రం ఈ పద్ధతి అంత గట్టిగా నిలవదు. వీధిపోటు ఉన్న ప్లాటుకూ, వంకర ఆకారంలో ఉన్నదానికీ సరిగ్గా పోల్చదగ్గ జోడీ దొరకడం కష్టం. అలాంటప్పుడు ఒకే అంకె చెప్పకుండా, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని రాసుకుని, కింది అంకె నుంచి బేరం మొదలుపెడతారు అనుభవమున్న కొనుగోలుదారులు.