అపోహలు – వాస్తవాలు: నాలుగు కుక్కల మధ్య వదిలితే దారికొస్తుందా?

ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌లో కాసేపు నిలబడితే ఈ వైద్యం కళ్లారా చూడొచ్చు. నెల్లూరు నుంచి కారులో వచ్చిన లాబ్రడారో జర్మన్ షెపర్డో, పడవల దగ్గర ఇంకో కుక్క కనబడగానే బెల్టు తెగేలా లాగుతూ అరుస్తుంది. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన ఉచిత సలహా పడేస్తాడు. "పట్టుకున్నంతసేపూ అట్నే ఉంటదన్నా. తీసకపొయ్యి వాటి మధ్యలో వదులు. ఒకసారి కొట్లాడుకుంటే అదే సర్దుకుంటది." యజమాని కాసేపు తటపటాయిస్తాడు. తర్వాత కుక్కను పడవల వైపు ఈడ్చుకుపోతాడు.

చివరికి మిగిలేది చిరిగిన చెవి, విడదీయబోయిన మనిషి చేతికి పంటిగాటు, రాళ్ల దెబ్బలు తిన్న బీచ్ కుక్కలు. తప్పు మాత్రం ఎప్పుడూ బీచ్ కుక్కలదే! వాటి చోటికి మనమే వెళ్లామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ సలహా ఇచ్చేవాళ్లకు గట్టి సాక్ష్యమే ఉంది. "మా కుక్కను అట్నే చేశాం, మరుసటి వారానికి నోరెత్తలేదు" అంటారు. నిజమే, నోరెత్తదు. అయితే ఆ కుక్కను కాస్త దగ్గరగా చూడండి. తోక కాళ్ల మధ్య ఉంటుంది, నోరు బిగుసుకుని ఉంటుంది, ఎంతో ఇష్టపడే ముక్క పెట్టినా ముట్టదు. అది నెమ్మదించిన కుక్క కాదు, తప్పించుకునే దారి లేదని తెలిసి బిగుసుకుపోయిన కుక్క. భయం అలాగే ఉంది, దాన్ని చెప్పే అరుపు మాత్రమే పోయింది. ఇలాంటి కుక్కే ఇంకో రోజు గుర్రుమని కూడా అనకుండా కరుస్తుంది. అప్పుడు అందరూ "ఉన్నట్టుండి కరిచింది" అంటారు.

ఈ నమ్మకం కుక్కపిల్లలను చూసి పుట్టి ఉండొచ్చు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వయసు వరకు పిల్లలు కొత్తవాటికి సులువుగా అలవాటుపడతాయి. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కలను పెంచి చూసి 1965లో ప్రచురించిన పుస్తకంలో ఈ సంగతి వివరంగా రాశారు. ఆ వయసు దాటి, ఇతర కుక్కలంటే ఇప్పటికే బెదిరే రెండేళ్ల కుక్కకు అదే లెక్క వర్తించదు.

మరి ఏం చేయాలి? ఆ మార్గం కుక్కల మీద కాదు, ఓ పసివాడి మీద వందేళ్ల కిందటే తేలింది. న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూసి హడలిపోయే పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లవాడి గురించి 1924లో రాసింది. తోటిపిల్లలతో కలిసి ఆడుకుంటూ వాడు కొంత తేరుకున్నాడు. అంతలో జబ్బుచేసి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడి నుంచి ఇంటికి బయలుదేరేటప్పుడు ఓ పెద్ద కుక్క మీదికి దూకింది. దాంతో భయం మళ్లీ మొదటికొచ్చింది. మన బీచ్ వైద్యులు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు, వారాల మంచిని ఒక్క దూకుడు తుడిచిపెట్టగలదు. అప్పుడు జోన్స్ వాడిని కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టింది. వాడు తినడం ఆపనంత దూరంలో కుందేలు పంజరాన్ని ఉంచి, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చింది. చివరికి వాడే కుందేలును నిమిరాడు. కౌంటర్ కండిషనింగ్ అనేది ఇదే. భయపెట్టేదాన్ని ఇష్టమైనదానితో ముడిపెట్టడం, అదీ భయం లేవనంత దూరంలో. ఆ దూరం లేకపోతే మిగతాదంతా దండగ.

అపోహ: మొరిగే కుక్కకు తిండి పెడితే మొరగడం నేర్పినట్టే.

వినడానికి తర్కంగా ఉంటుంది కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా పట్టుకు వేలాడతారు. పీటర్‌కు తిండి పెట్టి ఏడవడం నేర్పారని ఎవరైనా అన్నారా? ఇక్కడ తిండి మంచి నడవడికకు బహుమానం కాదు. "అవతల కుక్క కనబడితే నాకు కోడి కాలేయం వస్తుంది" అన్న లెక్క కుక్క మనసులో పడాలి. అసలు సరైన దూరంలో ఉంటే అది మొరగనే మొరగదు. మొరిగిందంటే మీరు దగ్గరికి వెళ్లారన్నమాట. అప్పుడు కూడా ముక్కలు వేస్తూ వెనక్కి రండి, నష్టమేమీ లేదు. ఆ స్థితిలో చాలా కుక్కలు తినవు. తినకపోవడమే మీకు కొలబద్ద.

ఓ లాబ్రడార్‌ను తీసుకుని లెక్క వేద్దాం. పడవ నీడన పడుకున్న కుక్కను అది ఎనభై అడుగుల దూరం నుంచి చూస్తుంది, చెవులు నిక్కిస్తుంది, పేరు పిలిస్తే తిరుగుతుంది. యాభై అడుగులకు వచ్చేసరికి నోరు మూసి, చూపు తిప్పకుండా నిలబడిపోతుంది. ముక్క ఇస్తే వేళ్లు కూడా పట్టేసేంత గట్టిగా లాక్కుంటుంది. నలభైలో అరుపు మొదలు. అయితే మీరు పని చేయాల్సింది నలభైలో కాదు, యాభైలో కూడా కాదు, ఎనభైలో. మీ కుక్కకు ఈ అంకెలు వేరు, కాబట్టి నాలుగైదుసార్లు చూసి మీరే కనిపెట్టాలి.

ఆ దూరంలో నిలబడండి. మీ కుక్క అవతలి కుక్కను ముందు చూడాలి, ఒకటి రెండు సెకన్ల తర్వాత ముక్క రావాలి. అవతలి కుక్క కనబడినంతసేపూ ముక్కలు వస్తూనే ఉండాలి, కనుమరుగైతే ఆగిపోవాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఈ వరుసలోనే. కుక్క కంటపడకముందే కంగారుగా సంచిలో చెయ్యి పెడతారు. నాలుగు రోజులకు ఆ సంచి చప్పుడు వినగానే "ఎక్కడో కుక్క వస్తోంది" అని మీ కుక్క వెతకడం మొదలుపెడుతుంది. కూర్చోమని, చెయ్యి ఇవ్వమని హుకుం వేయకండి. అది ఏమీ చేయనక్కర్లేదు, చూసి తింటే చాలు.

తిండి కూడా అలాంటిలాంటిది పనికిరాదు. రోజూ గిన్నెలో పెట్టేదానికి ఈ పని కాదు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, కాలేయం సెనగబద్దంత ముక్కలు చేసుకోండి, ఆ మేరకు రాత్రి తిండి తగ్గించండి. మన ఊళ్లో ఎండు నెత్తళ్ల వాసనకు లొంగని కుక్క ఉండదు గానీ, వాటిలో ఉప్పుంటే నానబెట్టి కడిగి పెట్టాలి. ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు, అంతే.

ఫలితం ఎలా తెలుస్తుంది? ఒకరోజు అది అవతలి కుక్కను చూసి, వెంటనే మెడ తిప్పి "ఏదీ నా ముక్క?" అన్నట్టు మీ మొహంలోకి చూస్తుంది. ఒకసారి చూసిందని సంబరపడి ముందుకు పోకండి. వరసగా అలా చూస్తుంటే అప్పుడు ఐదారు అడుగులు దగ్గరకు జరగండి. నిద్రపోయే కుక్క కంటే నడిచే కుక్క కష్టం, ఒకటి కంటే గుంపు కష్టం. అవతలి కుక్క లేచి నడిస్తే మళ్లీ దూరం పెంచాల్సిందే. గొడవ జరిగిపోయిందా? ఇంటికి వెళ్లండి, ఒకటి రెండు రోజులు బీచ్ మాటే ఎత్తకండి.

చోటు, వేళ కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొచ్చి వలల్లోంచి చేపలు తీసే వేళ పాలెం కుక్కలన్నీ అక్కడే ఉంటాయి, పైగా తిండి కాపలాలో ఉంటాయి. ఆ వేళ వద్దు. సాయంత్రం ఇసుక వేడి తగ్గాక, అవి పడవల కింద ఇంకా బద్ధకంగా పడుకుని ఉన్నప్పుడు సరుగుడు తోట అంచున నిలబడితే దూరం మీ చేతిలో ఉంటుంది. రొయ్యల గుంటల గట్లు మాత్రం వద్దే వద్దు. గట్టు ఇరుకు, రెండు వైపులా నీళ్లు, ఎదురుగా కాపలా కుక్క. పక్కకు తప్పుకునే చోటే లేనప్పుడు దూరం ఎక్కడి నుంచి తెస్తారు?

అపోహ: బెల్టు వల్లే అంత గొడవ, విప్పేస్తే ఏమీ చేయదు.

ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోక తప్పదు. ఒకదానికొకటి తెలియని కుక్కలు విడిగా ఉన్నప్పుడు ఎదురెదురుగా నేరుగా వెళ్లవు. పక్కకు వంపు తిరిగి, నేల వాసన చూస్తూ, నచ్చకపోతే తప్పుకుంటాయి. బిగించి పట్టుకున్న బెల్టు ఆ మర్యాదలన్నీ ఆపేస్తుంది. విప్పితే కొన్ని కుక్కలు నిజంగానే తగ్గుతాయి. కానీ మీది ఆ కొన్నింటిలో ఒకటో కాదో తెలుసుకోవడానికి పాలెం కుక్కలను పణంగా పెట్టే హక్కు మీకెవరిచ్చారు? పొడవాటి తాడు కట్టి వదులుగా పట్టుకోండి, మెడకు బదులు ఛాతీ చుట్టూ వేసే బెల్టు వాడండి, నేరుగా కాకుండా వంపు తిరిగి నడవండి. ఆ సగం నిజం ఇచ్చే లాభమంతా అందులోనే దొరుకుతుంది.

మెడను బిగించే గొలుసు మరీ అన్యాయం. అవతలి కుక్క కనబడిన ప్రతిసారీ గొంతు నొక్కుకుంటే, కుక్కలు వస్తే నొప్పి వస్తుందన్న పాఠమే దానికి ఒంటబడుతుంది. మనం నేర్పాలనుకున్నదానికి సరిగ్గా తలకిందులు.

మిగతావి త్వరగా తేల్చేద్దాం. పచ్చిమాంసం పెడితే క్రూరంగా మారదు. కారం కలిపిన అన్నం పెడితే వచ్చేది కడుపులో మంట, పౌరుషం కాదు. నల్లతాడు కడితే కుక్కకు తాడు వస్తుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంతానం ఆపుతుంది, భయాన్ని కాదు. "వాడికి పొగరు, వాడే రాజు అనుకుంటున్నాడు" అనేవాళ్లు, యాభై అడుగుల దూరంలో ఆ రాజు ఎందుకు బిగుసుకుపోతున్నాడో చెప్పాలి.

ఇన్నాళ్లూ బాగున్న కుక్క హఠాత్తుగా మీద పడడం మొదలుపెడితే ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిపోటు, తుంటి నొప్పి ఉన్న కుక్క దగ్గరికొచ్చే దేన్నైనా తరుముతుంది, ఎంత చికెన్ పెట్టినా అది తగ్గదు. బీచ్ కుక్క మీవైపు పరుగెత్తుకొస్తుంటే గుప్పెడు ముక్కలు దాని ముందు విసిరి, మీరు పరుగెత్తకుండా వెనక్కి తిరిగి నడవండి. పంటిగాటు పడితే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బీచ్‌కు తెచ్చే ముందే మీ కుక్కకు రేబిస్ టీకా వేయించండి.

ఇంత చేసినా మీ కుక్క ప్రతి కుక్కతోనూ చెలిమి చేస్తుందని నేను మాటివ్వను. కొన్నిటికి ముప్పై అడుగులే ఆఖరు, అంతకంటే దగ్గరకు రావు. పక్కనుంచి అరవకుండా నడిచి వెళ్లగలిగితే అది పూర్తి విజయమే. ఈ ఆదివారం మైపాడు వెళ్తే కారు పడవలకు వీలైనంత దూరంగా ఆపండి, పక్కన నిలబడి సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.